లీవ్‌ల ఉన్నప్పుడు ఆఫీస్ ఫోన్లు: ఎత్తాలా, బంద్ పెట్టాలా, ఒక్క దారి ఉంచాలా?

మా చెల్లె పెండ్లిల జీలకర్ర బెల్లం పెట్టే టైంకు నేను ఫంక్షన్ హాల్ వెనక, వంటోళ్ల గంజుల పక్కన నిలబడి ఒక చెవి మూసుకొని "సార్ ఆ బిల్లు పాత ఫోల్డర్ల ఉన్నది, పాత ఫోల్డర్ల" అని ఒర్లుతున్న. ఫోటోలల్ల నేను లేను. లీవ్ శాంక్షన్ అయిందే, రాసిచ్చిందే, సేటు "పోయిరా, ఏం ఫికర్ లేదు" అని నవ్వుకుంట పంపిందే. అయినా ఐదు రోజులల్ల కనీసం ముప్పై సార్లు ఫోన్ మోగింది, ఒక్కటి కూడ ముందే తెంపి పోలేని పని గాదు.

నేను మహబూబ్‌నగర్‌ల ఒక పైపులు, మోటార్ల హోల్‌సేల్ షాపుల అకౌంట్స్ చూస్తా. మా దగ్గర అకౌంట్స్ అంటే నేనొక్కడ్నే. గోడౌన్ చూసే అన్న ఉన్నడు, కౌంటర్ల ఇద్దరు పిల్లలు, సేటు, అంతే. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలల్ల లెక్క "నా బ్యాకప్ ఫలానా అతను" అని మెయిల్ పెట్టి పోయే భాగ్యం లేదు. అందుకే ఈ పోలిక మొత్తం నా లాంటోళ్ల కోసమే, అంటే సీటుకు ఒక్కడే మనిషి ఉన్న చిన్న షాపులు, మిల్లులు, స్కూల్ ఆఫీసులు, ఏజెన్సీలల్ల పనిచేసేటోళ్ల కోసం. పెద్ద టీం ఉన్నోళ్లకు సగం కష్టం తక్కువ, అది కూడ మధ్యల చెప్త.

చెల్లె పెండ్లి తర్వాత ఏడాదికి తమ్ముని పెండ్లి వచ్చింది, 18 నుంచి 22 దాకా లీవ్. ఈ సారి ముందే కూసొని ఏ పద్ధతి మంచిదో ఆలోచించిన. నాకు తెల్సిన పద్ధతులు ఐదు. ఫోన్ బంద్ పెట్టుడు, అన్నీ ఎత్తి రెండు నిమిషాలల్ల ముగించుడు, ఆటోమేటిక్ మెసేజ్ పెట్టి వదిలేసుడు, కాల్స్ వేరేటోళ్లకు మళ్లించుడు, ఇగ చివరిది ఒక్క మనిషికి మాత్రమే దారి ఇచ్చి మిగతా అందరికీ మర్యాదగ లేదనుడు.

ముందు ఫోన్ బంద్ పెట్టుడు గురించి. వినడానికి మస్తుగుంటది. కానీ పెండ్లిల టెంటాయనకు, పూలాయనకు పైసలు కొట్టాలంటే ఫోన్‌పే ఉండాలె, బ్యాంక్ ఓటీపీ ఆ సిమ్‌కే వస్తది, ఊర్ల చుట్టాలు దారి అడగడానికి అదే నంబర్‌కు చేస్తరు. డ్యూయల్ సిమ్ ఉండి ఆఫీస్ నంబర్ వేరే ఉంటే మాత్రం ఆ ఒక్క సిమ్ సెట్టింగ్స్‌ల ఆఫ్ చేసుకోవచ్చు, అది సుఖం, కానీ మన దిక్కు ఎంత మందికి షాపువాళ్లు వేరే సిమ్ ఇస్తున్నరు? ఇంకోటి, బంద్ పెడితే నిజంగ ఆపద వచ్చినా మన దాకా రాదు. దొరకకపోతే మనోళ్లు ఆగరు, మా నాయనకు చేస్తరు, మా బావకు చేస్తరు. ఒకసారి మా పక్క షాపు అతను ఫోన్ బంద్ పెట్టి తిరుపతి పోతే వాళ్ల సేటు ఇంటికే మనిషిని పంపిండు, ఇంట్ల వాళ్లమ్మ ఒక్కతే ఉండి ఏమైందో ఏమో అని భయపడింది.

అన్నీ ఎత్తి రెండు నిమిషాలల్ల ముగించుడు అనేదే మనం ఎక్కువ చేసేది, అదే అన్నిటికన్నా చెడ్డది. కాల్ రెండు నిమిషాలే ఉంటది, కరెక్టే. కానీ మొదటి రోజు ఒక కాల్ ఎత్తినమంటే "ఆయన లీవ్‌ల ఉన్నా ఎత్తుతుండు" అనే మాట షాపంత తిరుగుతది, రెండో రోజు నుంచి వెతికితే దొరికేది కూడ వెతకకుండ మనకే కొడతరు. వాళ్లది తప్పని కూడ అనలేం, అల్మార తెరిచి ఫైల్ వెతుకుడుకన్నా మనకు ఫోన్ కొట్టుడే అల్కగ ఉంటది గదా. వాట్సాప్‌ల కూడ అంతే. ఒక్క మెసేజ్‌కు "హా చూస్త" అని పెట్టినా నీలం టిక్కు పడ్డట్టే, దుకాణం తెరిచినట్టే.

ఆటోమేటిక్ మెసేజ్‌ల సంగతి కొంచెం వివరంగ చెప్పాలె, ఎందుకంటే చాల మంది దీని మీద ఉన్నదాని కన్నా ఎక్కువ నమ్మకం పెట్టుకుంటరు. జీమెయిల్‌ల వెకేషన్ రెస్పాండర్ పెడితే ఒక మనిషికి ఒకసారి పోతది, అదే మనిషి నాలుగు రోజుల తర్వాత మల్ల రాస్తే అప్పుడు ఇంకోసారి పోతది. ఔట్‌లుక్‌ల అయితే ఒక్కొక్కరికి ఒక్కసారే. అంటే మొదటి మెయిల్‌కు జవాబు చూడని మనిషి తర్వాత పది మెయిల్స్ పంపినా ఆయనకు మన ముచ్చట తెల్వదు. అయినా మెయిల్ మీద పని నడిచేటోళ్లకు ఇది పెట్టుకోవాల్సిందే, ఐదు నిమిషాల పని, పైగా లోపలోళ్లకు ఒక మాట, బయటోళ్లకు ఒక మాట పెట్టే వీలు ఔట్‌లుక్‌ల ఉంటది. బయటోళ్లకు పోయే దాంట్ల మాత్రం సొంత నంబర్ రాయకుండ్రి, మార్కెటింగ్ మెయిల్ పంపేటోనికి కూడ అది పోతది.

వాట్సాప్‌ల అయితే మామూలు యాప్‌ల ఆ సౌకర్యమే లేదు, బిజినెస్ యాప్‌ల మాత్రమే అవే మెసేజ్ ఉంటది. తేదీలు పెట్టుకోవచ్చు, ఎవరికి పోవాలె ఎవరికి వద్దు అని కూడ పెట్టుకోవచ్చు. కానీ మన ఫోన్‌ల నెట్ ఉంటేనే ఆ మెసేజ్ పోతది. నెట్ బంద్ చేసి ఊరికి పోయి "నేను మెసేజ్ పెట్టిన గదా" అంటే అక్కడ ఏం పోయి ఉండదు. ఇగ స్టేటస్‌ల "ఆన్ లీవ్" అని ఫోటో పెట్టేటోళ్లున్నరు, స్టేటస్ 24 గంటలల్ల పోతది, ఐదు రోజుల లీవ్‌కు ఐదు సార్లు పెట్టాలె, అవసరం ఉన్నోడు అసలు స్టేటస్ చూడడు. ప్రొఫైల్ కింద అబౌట్‌ల రాసుకున్నా దాన్ని చదివేది ఎవరు?

కాల్స్ వేరేటోళ్లకు మళ్లించుడు నేను తొందరగనే పక్కకు పెట్టిన. ఒకే సిమ్ ఉన్నోనికి కాల్ ఫార్వర్డింగ్ పెడితే మేనత్త చేసిన ఫోన్ కూడ గోడౌన్ అన్నకు పోతది. పైగా మోసగాళ్లు జనాలతోని కోడ్‌లు నొక్కించి కాల్స్ మళ్లించుకుంటున్నరని టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి `*401#` తీరు కోడ్ కొట్టి పెట్టే ఫార్వర్డింగ్‌ను ఆపమని కంపెనీలకు చెప్పింది, అందుకని పాత లెక్క కోడ్ నొక్కితే అవుతదనే నమ్మకం లేదు. ఆఫీస్ ల్యాండ్‌లైనో ఆఫీస్ సిమ్మో వేరే ఉన్నోళ్లకు ఇది పనికొస్తది, మనకు గాదు.

అంటే మిగిలింది ఐదోది, ఒక్క మనిషి, ఒక్క దారి. నేను దీన్నే పట్టుకున్న. కానీ దీంట్ల కూడ ఎంచుకునేవి రెండు మూడున్నయ్, చాల మంది అక్కడే బోల్తా పడ్తరు.

మొదటిది, ఆ ఒక్క మనిషి ఎవరు? సహజంగ సేటు అనిపిస్తది. కానీ సేటుకు డైరెక్ట్ దారి ఇస్తే ఆయనకు అన్నీ అర్జెంటే, ఎందుకంటే షాపు ఆయనది. నేను గోడౌన్ అన్నను ఎంచుకున్న. ఆయన పన్నెండేళ్ల సంది అక్కడే ఉన్నడు, ఏది ఆగుతది ఏది ఆగదు అని తెల్సినోడు, సేటుకు కూడ "ఇది 23 దాకా ఆగొచ్చు సార్" అని చెప్పే ధైర్యం ఉన్నోడు. కౌంటర్ పిలగాడైతే సేటు కళ్లు పెద్దగ చేస్తే చాలు నంబర్ కొట్టేస్తడు. టీం ఉన్న ఆఫీసుల మాత్రం మేనేజరే ఆ ఒక్క మనిషి అయితే మంచిది, ఎందుకంటే అక్కడ పక్క సీటు వాళ్లు అడ్డం నిలబడలేరు, మేనేజర్ ఐతే తనే ఇంకొకరికి పని అప్పజెప్పగలడు. ఇంట్లోళ్ల నంబర్ మాత్రం అస్సలు ఇయ్యకుండ్రి. భార్య నంబర్ ఇస్తే లీవ్ మనది, డ్యూటీ ఆమెది అయితది.

రెండోది, దారి ఏది? కాలా, వాట్సాపా, ఎస్ఎంఎస్సా? నేను మామూలు ఫోన్ కాల్ అన్న, వాట్సాప్ వద్దన్న. వాట్సాప్ తెరిస్తే ఆ ఒక్క మెసేజ్ కాడ ఆగం, గ్రూపుల 140 మెసేజ్‌లు కనబడ్తయ్, అండ్ల ఒకడు తప్పు రేటు చెప్పి ఉంటడు, చేతులు ఊకుండవు. కాల్ అయితే చేసేటోనికి కూడ కొంచెం సంకోచం ఉంటది, పెండ్లిల ఉన్న మనిషికి కాల్ చేస్తున్న అని ఒక్క క్షణం ఆలోచిస్తడు. మెసేజ్‌కు ఆ సంకోచం ఉండదు. సిగ్నల్ లేని దిక్కు పోయేటోళ్లకు మాత్రం ఈ మాట వర్తించదు. నల్లమలల సలేశ్వరం దిక్కో అమ్రాబాద్ అడవుల దిక్కో పోతే కాల్ తగలదు, అప్పుడు "మాపు ఏడు గంటలకు నేనే సిగ్నల్ కాడికి వచ్చి ఒకసారి నీకు చేస్త" అని ఉల్టా పెట్టుకోవాలె.

ఫోన్‌ల దీనికి సెట్టింగ్ ఉంటది. ఆండ్రాయిడ్‌ల డూ నాట్ డిస్టర్బ్‌ల కాల్స్ అనే కాడ స్టార్ పెట్టిన కాంటాక్టులకు మాత్రమే అని పెట్టి, ఇంట్లోళ్లకు, దగ్గరి చుట్టాలకు, ఆ గోడౌన్ అన్నకు స్టార్ పెడితే అయిపాయె. మిగతా కాల్స్ వస్తయ్ కానీ మోగవు, మిస్డ్ కాల్‌ల పడి ఉంటయ్. ఐఫోన్‌ల అయితే ఫోకస్‌ల ఎవరిని రానియ్యాలో ఎంచుకోవచ్చు, పైగా ఒక్క కాంటాక్ట్ రింగ్‌టోన్ కాడ ఎమర్జెన్సీ బైపాస్ అని ఉంటది, అది పెడితే ఫోన్ సైలెంట్‌ల ఉన్నా ఆ మనిషిది మోగుతది. ఒక్కటే జాగ్రత్త, రిపీట్ కాలర్స్ అనేది ఒకటుంటది, ఒకే నంబర్ నుంచి ఆండ్రాయిడ్‌ల పదిహేను నిమిషాలల్ల, ఐఫోన్‌ల మూడు నిమిషాలల్ల రెండోసారి కాల్ వస్తే అది మోగుతది. ఆపద ఉన్నోడే రెండుసార్లు చేస్తడు అని దాన్ని తయారు చేసినోళ్ల లెక్క. వాళ్లకు మన పాలమూరు సంగతి తెల్వదు, ఇక్కడ "ఏం తింటున్నవ్" అని అడగడానికి కూడ ఎత్తేదాక ఐదుసార్లు కొడ్తరు. అది ఆఫ్ చెయ్యాలె, చాల ఫోన్లల్ల మనం పెట్టకున్నా ఆన్‌లనే ఉంటది. నా చెల్లె పెండ్లప్పుడు డూ నాట్ డిస్టర్బ్ పెట్టినా ఎందుకు మోగిందో నాకు ఏడాది తర్వాత తెల్సింది.

ఇగ గ్రూపులు. వాట్సాప్ గ్రూప్‌ను మ్యూట్ చేస్తే ఎవరన్న మన పేరు ట్యాగ్ చేసినా, మన మెసేజ్‌కు రిప్లై ఇచ్చినా నోటిఫికేషన్ వస్తది. అందుకే లీవ్‌ల ఆ గ్రూప్‌ను ఆర్కైవ్ చేసి, ముందే గ్రూప్‌ల "నన్ను ట్యాగ్ చెయ్యకుండ్రి, 23 దాకా ఈ గ్రూప్ చూడను" అని ఒక మాట పెట్టి పోవాలె. గ్రూప్ నుంచి ఎగ్జిట్ అయ్యుడు మాత్రం వద్దు, అది అలిగి పోయినట్టుంటది.

మూడోది, అసలు ఆపద అంటే ఏంది? ఇదే అన్నిటికన్నా ముఖ్యం, "ఏమన్న అర్జెంట్ అయితేనే చెయ్యుండ్రి" అని చెప్తే అందరికీ అన్నీ అర్జెంటే. నేను ఒక్కటే కొలత పెట్టుకున్న, 23 పొద్దుగాల దాకా ఆగితే ఎన్ని పైసలు పోతయ్, ఎవరికన్న దెబ్బ తగులుతదా? దాన్ని పేర్లతోని రాసి ఇచ్చిన.

మా దగ్గర భయపెట్టేది 20వ తారీఖు. నెల నెల వేసే జీఎస్టీ రిటర్న్, జీఎస్టీఆర్-3బీకి ఆ రోజే ఆఖరు, అది నా లీవ్ నడుమ పడ్డది. సేటు దానికే గుండె పట్టుకున్నడు. నిజంగ లెక్క ఏసి చూస్తే, అనుకో కట్టాల్సిన ట్యాక్స్ క్యాష్‌ల 2 లక్షలు ఉన్నది, 23 దాకా అంటే మూడు రోజులు లేట్ అయింది. లేట్ ఫీజు రోజుకు 50 లెక్కన 150, వడ్డీ ఏడాదికి 18 శాతం లెక్కన మూడు రోజులకు దగ్గర దగ్గర 296. అంతా కలిపి 450 లోపు. అంటే మా సేటు చాయ్ ఖర్చంత. అట్లని లేట్ చెయ్యమని కాదు నేను చెప్పేది, దాని కోసం పెండ్లి మండపంల ల్యాప్‌టాప్ తెరువాల్సినంత ఆపద గాదు అని. పైగా కొన్న సరుకు ట్యాక్స్ లెక్క చూపించే 2బీ 14వ తారీఖు వస్తది గనుక 15, 16 రెండు రోజులు కూసొని ఏసేస్తే 20 దాక ఆగే పనే లేదు. నేను అదే చేసిన, 16 మాపటికి 3బీ వేసి చలాన్ కాగితం సేటు టేబుల్ మీద పెట్టిన. ఆయన ముఖంల ఫికర్ పోయింది గప్పుడే.

అసలు ఆపద ఏదంటే ఈ-వే బిల్లు, అంటే సరుకు బండిల పోయేటప్పుడు ఆన్‌లైన్‌ల తీసి వెంట పెట్టుకునే బిల్లు. ఇది వేరే కథ. మా సొంత డీసీఎం పైపులు ఏసుకొని రాయచూర్ దిక్కు పోతది. 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన టైం ఉంటది, మాది ఆ లోపే గనుక ఒకటే రోజు, అంటే 18న తీస్తే 19 రాత్రి పన్నెండుకు అయిపోతది. బండి మక్తల్ కాడ ఖరాబై ఆగిందనుకో, టైం దాటిన బిల్లుతోని రోడ్డెక్కితే చెకింగ్‌ల బండిని ఆపుతరు, పెనాల్టీ పడుతది, అది 450 రూపాయల ముచ్చట గాదు. దాన్ని పొడిగించాలంటే టైం అయిపోయే ముందు ఎనిమిది గంటలు, అయిపోయిన తర్వాత ఎనిమిది గంటలు, అంతే. అంటే 19న మాపు నాలుగు నుంచి 20 పొద్దున ఎనిమిది లోపు ఎవరో ఒకరు లాగిన్ చెయ్యాలె. ఇది 23 దాకా ఆగదు.

ఇక్కడ అసలు చిక్కు ఏందంటే ఓటీపీ. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్ లాగిన్‌కు అందరికీ రెండో అంచె ఓటీపీ తప్పనిసరి అయింది, అది రిజిస్టర్ చేసిన మొబైల్‌కు వస్తది, మా దగ్గర ఆ మొబైల్ నాది. ఎప్పుడో నేను చేరిన కొత్తల "నీ నంబర్ ఇచ్చేయ్" అంటే ఇచ్చిన. దీని వల్ల నేను లీవ్‌ల ఉన్నా లాగిన్ చేసినప్పుడల్లా కౌంటర్ పిలగాడు "అన్నా ఓటీపీ" అని ఫోన్. రోజుకు నాలుగైదు బిల్లులు తీస్తే నాలుగైదు ఫోన్లు. నిరుడు చెల్లె పెండ్లప్పటి ముప్పై కాల్స్‌ల సగం ఇవే. మర్యాదగ ఎంత మంచిగ వద్దని చెప్పినా ఈ కాల్స్ ఆగవు, ఎందుకంటే వాళ్లకు ఇంకో దారి లేదు. అందుకే దీన్ని మాటలతోని కాదు, ముందే పని చేసి తెంపాలె. ఈ-వే బిల్ సైట్‌ల సబ్ యూజర్ అని పెట్టుకోవచ్చు, ఆ యూజర్‌కు వాళ్ల సొంత మొబైల్ పెడితే ఓటీపీ వాళ్లకే పోతది. లీవ్‌కు వారం ముందు కౌంటర్ పిలగానికి సబ్ యూజర్ తయారు చేసి, నేను పక్కన కూసొని అతనితోనే నాలుగు బిల్లులు తీయించిన, ఒకసారి ఎక్స్‌టెండ్ చేసే కాడికి పోయి ఆ పేజీ ఎట్లుంటదో చూపించిన. లీవ్‌ల ఓటీపీ ఫోన్ ఒక్కటి కూడ రాలే.

ఇంకో మాట, ఓటీపీ ఫోన్‌ల చదివి చెప్పే అలవాటు ఉన్నోడు ఏదో ఒక రోజు మోసగానికి కూడ చదివి చెప్తడు, పెండ్లి గందరగోళంల గొంతు ఎవరిదో గుర్తుపట్టేది ఎట్ల? మీ దగ్గర ఏది ఓటీపీ మీద నడుస్తదో, పీఎఫ్ లాగినా, బ్యాంక్ పోర్టలా, అది లీవ్ పెట్టే ముందే చూసుకోవాలె. ఎవరి సంతకం ఉన్నదో వాళ్ల నంబరే ఉండాలె, అంటే సేటు నంబర్.

ఇగ మాటల కాడికొస్తే. లేదని చెప్పుడుల రెండు తీర్లున్నయ్. మనం మామూలుగ పెట్టేది ఇది: "సారీ అన్నా, పెండ్లి పనులల్ల ఉన్న, టైం దొరికితే చూస్త." చూడడానికి మర్యాదగనే ఉంటది గానీ "టైం దొరికితే" అంటే ఒప్పుకున్నట్టే, రెండు గంటలాగి "అన్నా టైం దొరికిందా" అని మల్ల వస్తది. కారణం చెప్తే దాని మీద బేరం కూడ మొదలైతది, "పెండ్లి రేపు గదా, ఇయ్యాల ఖాళీనే గదా" అని. దానికన్నా తారీఖు, ఎవర్ని అడగాలె, ఈ రెండే చెప్పుడు మంచిది. నేను 17 మాపు అందరికీ పెట్టింది ఇది:

"అందరికీ నమస్తే. 18 నుంచి 22 దాకా నేను లీవ్‌ల ఉంటున్న, ఆ ఐదు రోజులు కాల్స్, వాట్సాప్ చూడను. బిల్లులు, ఈ-వే బిల్లు కౌంటర్ తమ్ముడు చూస్తడు, పేమెంట్ల సంగతి సార్‌ను అడగండి. నాతోనే కావాల్సిన పని ఉంటే గోడౌన్ అన్నకు చెప్పండి, ఆగలేనిది అయితే అన్ననే నాకు ఫోన్ చేస్తడు. 23 పొద్దుగాల పదింటికి షాపుల ఉంట."

గోడౌన్ అన్నకు వేరేగ చెప్పిన, రాసి కూడ ఇచ్చిన: "అన్నా, ఈ మూడు పనులకే నాకు ఫోన్ చెయ్యి. బండి పట్టుబడి ఈ-వే బిల్లు పని తమ్మునితోని కాకపోతే, ఆఫీసర్లు షాపుకు చెకింగ్‌కు వస్తే, బ్యాంక్‌ల చెక్ రిటర్న్ అయ్యే పని ఉంటే. మిగతావి ఒక నోట్‌బుక్‌ల రాసిపెట్టు, 23న కూసొని తెంపుదాం." ఆయన నవ్విండు, "షాపుకు అగ్గంటుకుంటే?" అన్నడు. "నాకు గాదు, ఫైర్ ఇంజన్‌కు చెయ్యి, 101" అన్న.

సేటుకు మెసేజ్ పెట్టలే, ఎదురుగ పోయి చెప్పిన. పెద్దోళ్లకు, ఓనర్లకు మెసేజ్‌ల వద్దంటే అవమానం అనిపిస్తది, ముఖం చూసి చెప్తే అనిపించదు. "సార్, ఐదు రోజులు నా ఫోన్ మోగదు, అలిగి కాదు, సెట్టింగ్ పెట్టుకుంటున్న. 3బీ అయిపోయింది, బిల్లులు తమ్ముడు నేర్చుకున్నడు, ఏదన్న ఆగం అయితే గోడౌన్ అన్నకు ఒక్క మాట చెప్పుండ్రి, పది నిమిషాలల్ల నేనే మీకు చేస్త." ఆఖరి ముక్కే పని చేసింది. దారి మూసేసిన అంటే ఆయన ఒప్పుకోకపోవు, దారి ఇటు నుంచి ఉన్నది అంటే ఒప్పుకున్నడు. మీ సేటు దీనికి కూడ ఒప్పుకోకపోతే, "నాకే డైరెక్ట్ కావాలె" అంటే, అప్పుడు టైం పెట్టుకోండి, రోజు పొద్దున తొమ్మిదికి ఐదు నిమిషాలు నేనే చేస్త అని. ఇది నాకు నచ్చిన పద్ధతి గాదు, లీవ్ మీద రోజూ ఒక మరక పడ్డట్టుంటది, కానీ రోజంత మోగుడు కన్నా నయం.

ఇంత చెప్పినా మధ్యల వచ్చేటివి వస్తయ్. 19 పొద్దున ఒక పార్టీ ఆయన, మా పాత కస్టమర్, లెడ్జర్ పంపమని మెసేజ్. వీళ్లకు మన షాపు గ్రూప్‌ల పెట్టింది తెల్వదు. అలాంటోళ్లకు ఒకే ఒక్క జవాబు, అది ముందే ఫోన్‌ల రాసి పెట్టుకున్న, కాపీ పేస్ట్: "నమస్తే సార్, 22 దాకా లీవ్‌ల ఉన్న. లెడ్జర్ 23న పంపిస్త, అంతకు ముందే కావాలంటే షాపు నంబర్‌కు ఒకసారి చెయ్యండి." ఒక్కసారే. రెండోసారి అదే మనిషి "ఒక్క డౌట్ అంతే" అని పెడితే జవాబు ఇయ్యొద్దు, మొదటిది ఉన్నది గదా. రెండో జవాబు ఇచ్చినమంటే మనమే మాట తప్పినట్టు.

నా లీవ్‌ల ఆ దారి ఒక్కసారే వాడిన్రు. 21 మధ్యాహ్నం అన్న ఫోన్ చేసిండు, ఒక సప్లయర్ చెక్కు బ్యాంకుల పడ్డది, అకౌంట్‌ల పైసలు తక్కువ ఉన్నయ్, మూడింటి లోపు ఏ అకౌంట్ నుంచి మార్చాలె అని సేటుకు సమజ్ కాలే. నాలుగు నిమిషాలు మాట్లాడిన, అయిపోయింది. నేను రాసిచ్చిన మూడు పనులల్ల ఉన్నదే అది, అన్న లెక్క తప్పలే.

మీకు ఏది కుదురుతదో తేల్చుకోవాలంటే నేను ముందు ఒకటే అడుగుత, మీరు లేకపోతే ఆగిపోయే పని మీ ఫోన్ నంబర్ మీద ఉన్నదా, మీ బుర్రల ఉన్నదా? నంబర్ మీద ఉంటే ఏ మెసేజ్ కూడ కాపాడదు, ముందు ఆ ఓటీపీలు, లాగిన్లు వేరేటోళ్లకు మార్చుకోండి. బుర్రల ఉంటే ఒక కాగితం మీద రాసి ఒక్క మనిషికి ఇయ్యుండ్రి. రెండు మూడు రోజుల లీవ్‌కు ఇంత హంగామ అక్కర్లేదు, ముందు రోజు మెసేజ్, స్టార్ కాంటాక్ట్, చాలు. మెయిల్ మీద నడిచే పెద్ద ఆఫీసుల ఉన్నోళ్లు ఆటో రిప్లైల బ్యాకప్ మనిషి పేరు పెట్టి, మేనేజర్ ఒక్కరికే నంబర్ తెరిచిపెట్టుకుంటే సరిపోతది. గవర్నమెంట్ ఉద్యోగులకు లీవ్ ఫారంల లీవ్‌ల ఉండే అడ్రస్ రాసే గడి ఉంటది గదా, దాన్ని ఊకె నింపకుండ అక్కడ నిజంగ దొరికే నంబర్ ఒక్కటే రాసి, పై ఆఫీసర్‌కు అదే చెప్తే దారి రికార్డుల ఉన్నట్టే. చట్టం ఏమన్న మనకు అండగ ఉంటదా అంటే, డ్యూటీ టైం అయినంక, సెలవులల్ల ఆఫీస్ ఫోన్ ఎత్తకపోయే హక్కు అని ఎంపీ సుప్రియా సూలే 2018ల లోక్‌సభల ప్రైవేటు బిల్లు పెట్టింది, అది చట్టం కాలే, కాబట్టి మన మాటనే మనకు చట్టం.

ఒకటి మర్చిపోయిన. 23 పొద్దుగాల షాపుకు పోంగనే డూ నాట్ డిస్టర్బ్ తీసేసుడు అందరికీ యాదికుంటది, స్టార్ తీసేసుడు ఉండదు. నేను తీయలే. నెల తర్వాత ఒక ఆదివారం తెల్లారి ఐదున్నరకు, రాత్రి డూ నాట్ డిస్టర్బ్ పెట్టి పడుకున్నా, గోడౌన్ అన్న కాల్ గట్టిగ మోగింది. దడుసుకొని లేచి ఎత్తితే అటు దిక్కు మేకల సప్పుడు, ఎవరో "ఏ ఏ" అనుడు. జేబుల ఫోన్ నొక్కుకుపోయింది అంతే, ఆయనకు తెల్వనే తెల్వదు.